మీరు వాడని కార్డు లావాదేవీ: మూడు పని దినాల లెక్క

మీరు చేయని కొనుగోలుకు మీ కార్డు మీద డబ్బు పోయిందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందనుకోండి. ఆ మెసేజ్ అందిన రోజును పక్కన పెట్టి, తర్వాతి మూడు పని దినాల లోపు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, అందులో మీ తప్పు లేనప్పుడు మీరు ఒక్క రూపాయి కూడా నష్టపోనక్కర్లేదు. నాలుగో పని దినం వచ్చిందంటే కొంత నష్టం మీ నెత్తిన పడుతుంది. ఏడు దాటితే ఎంత తిరిగి ఇవ్వాలో ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానాన్ని బట్టి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న అన్ని వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఆదేశంలోని సారం ఇది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకూ ఇవే నియమాలు వచ్చాయి. బ్యాంకులు కాని వాలెట్ కంపెనీలకు 2019 జనవరిలో విడిగా నిబంధనలు ఇచ్చారు.

ఇన్నేళ్లు గడిచినా ఈ లెక్క తెలియక డబ్బు వదులుకుంటున్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. కొందరు సోమవారం బ్రాంచికి వెళ్లి మేనేజరును కలుద్దాంలే అనుకుంటారు. కొందరు కార్డు బ్లాక్ చేసి, పని అయిపోయిందని ఊరుకుంటారు. ఇంకొందరు ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, ఎఫ్‌ఐఆర్ చేతికి వచ్చేదాకా బ్యాంకుకు చెప్పకుండా ఆగిపోతారు. ఈ మూడింట్లో ఏది చేసినా హక్కుగా రావాల్సిన డబ్బు చేజారే ప్రమాదం ఉంది. ఎందుకో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. జరిగిన మోసంలో తప్పు ఎవరిది? రిజర్వు బ్యాంకు నియమం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. తప్పు బ్యాంకుదైతే, అంటే వాళ్ల సిబ్బంది మోసమో, వాళ్ల సిస్టమ్‌లో లోపమో కారణమైతే, మీరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా నష్టమంతా బ్యాంకుదే. తప్పు మీదైతే, అంటే పిన్ నంబరో ఓటీపీనో మీరే ఎవరికో చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు జరిగిన నష్టం మీది. ఆ తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుది. ఈ రెండూ కాకుండా, తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అనేది మూడో రకం. మీ కార్డు వివరాలు దాచుకున్న ఒక షాపింగ్ వెబ్‌సైటు నుంచి ఆ వివరాలు దొంగలకు చేరడం ఇలాంటిదే. మూడు రోజులు, ఏడు రోజులు అనే లెక్కలన్నీ ఈ మూడో రకానికే వర్తిస్తాయి. కార్డు మోసాల్లో మామూలు ఖాతాదారుకు ఎక్కువగా పనికొచ్చేది కూడా ఇదే.

మన దేశంలోని వెబ్‌సైట్లలో కార్డుతో కొంటే సాధారణంగా ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ వెబ్‌సైట్లలో చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు. కార్డు మీది నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు తెలిస్తే చాలు, డబ్బు పోతుంది. అందుకే ఓటీపీ రాకుండానే ఏ డాలర్లలోనో డబ్బు పోయిందంటే, చాలావరకు కార్డు వివరాలు ఎక్కడో బయట లీకయ్యాయని అర్థం. కార్డు పోగొట్టుకున్నవాళ్లకు మరో దారిన నష్టం జరుగుతుంది. దుకాణాల్లో కార్డును మెషిన్‌కు తాకిస్తే రూ.5,000 దాకా పిన్ అడగకుండానే చెల్లింపు జరిగిపోతుంది. ఇక కార్డు మీ దగ్గరే ఉండగా ఎక్కడో వేరే ఊళ్లో ఏటీఎంలో నగదు తీశారంటే, నకిలీ కార్డు తయారుచేశారని అనుమానించాలి. ఇందులో ఏది జరిగిందో తెలిస్తే ఫిర్యాదులో ఏం రాయాలో తెలుస్తుంది. కాబట్టి మెసేజ్‌ను కంగారులో చెరిపేయకండి. అందులో వ్యాపారి పేరు, సమయం, మొత్తం, లావాదేవీ నంబరు ఉంటాయి.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుని రోజుల లెక్క వేద్దాం. తెనాలిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారనుకుందాం. ఆమెకు మామూలు సేవింగ్స్ ఖాతా, దానికో డెబిట్ కార్డు. అంతకు ముందెప్పుడో విదేశంలో ఉన్న మనవరాలికి కానుక కొనడానికి కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయించుకున్నారు, తర్వాత ఆఫ్ చేయలేదు. నెలలో రెండో శనివారానికి ముందు రోజు, శుక్రవారం రాత్రి పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆమె ఫోన్‌కు వరసగా మూడు మెసేజ్‌లు వచ్చాయి. రూ.18,400 ఒకటి, మళ్లీ రూ.18,400, తర్వాత రూ.6,200. ఏదో విదేశీ సైటు పేరు. మొత్తం రూ.43,000. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. ఆమె నిద్రలో ఉన్నారు, శనివారం ఉదయం లేచాక మెసేజ్‌లు చూశారు.

లెక్క మొదలయ్యేది ఆమె మెసేజ్ చదివినప్పటి నుంచి కాదు, అది అందినప్పటి నుంచి. మెసేజ్ ఎప్పుడు చేరిందో, దానికి ఖాతాదారు నుంచి జవాబు ఎప్పుడు వచ్చిందో నమోదు చేసుకునే ఏర్పాటు బ్యాంకు దగ్గర ఉండాలని నియమంలోనే రాశారు. అయితే మెసేజ్ అందిన రోజును లెక్కలోకి తీసుకోరు, అంటే శుక్రవారం పోయింది. రెండో శనివారం, ఆదివారం బ్యాంకుకు సెలవు, కాబట్టి అవీ లెక్కలోకి రావు. సోమవారం మొదటి పని దినం, మంగళవారం రెండోది, బుధవారం మూడోది. బుధవారం లోపు ఫిర్యాదు చేస్తే రూ.43,000 మొత్తం బ్యాంకు భరించాలి.

గురువారం చేస్తే అది నాలుగో పని దినం. ఇక్కడి నుంచి ఏడో పని దినం దాకా ఒక్కో లావాదేవీకి ఖాతాదారు భరించాల్సిన నష్టానికి ఒక గరిష్ఠ హద్దు ఉంది. జన్‌ధన్ లాంటి ప్రాథమిక పొదుపు ఖాతాలకు అది రూ.5,000. మిగతా సేవింగ్స్ ఖాతాలకు, రూ.5 లక్షల వరకు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డులకు రూ.10,000. రూ.5 లక్షలు దాటిన లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డులకు రూ.25,000. లావాదేవీ మొత్తం ఈ హద్దు కన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే తీసుకోవాలి. గమనించాల్సింది ఏమిటంటే, ఈ హద్దు మొత్తం నష్టానికి కలిపి కాదు, ఒక్కో లావాదేవీకి విడివిడిగా.

మన టీచరుగారి విషయంలో మొదటి రెండు లావాదేవీలకు పదేసి వేలు, మూడోదానికి రూ.6,200. కలిపితే రూ.26,200 ఆమె భరించాలి. బ్యాంకు నుంచి వచ్చేది రూ.16,800 మాత్రమే. బుధవారం సాయంత్రానికి, గురువారం ఉదయానికి మధ్య రూ.26,200 తేడా! దొంగలు పెద్ద మొత్తాన్ని ఒకేసారి తీయకుండా ముక్కలు ముక్కలుగా తీసినప్పుడు ఆలస్యం ఇంకా ఎక్కువ బాధిస్తుంది. ఎందుకంటే ప్రతి ముక్కకూ విడిగా హద్దు పడుతుంది. ఆ తర్వాత శుక్రవారం అయిదో పని దినం. మూడో శనివారం బ్యాంకులు పనిచేస్తాయి కాబట్టి అది ఆరోది, సోమవారం ఏడోది. మంగళవారం నుంచి ఇక ఆమె బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా.

పని దినాలంటే ఎవరి పని దినాలు? మీ ఖాతా ఉన్న హోమ్ బ్రాంచివి. మీరు హైదరాబాదులో ఉంటూ ఖాతా తెనాలి బ్రాంచిలోనే ఉంచుకుంటే ఆంధ్రప్రదేశ్ బ్యాంకు సెలవుల్ని లెక్కలోకి తీసుకోవాలి, తెలంగాణవి కాదు. బెంగళూరులో, చెన్నైలో పనిచేసే మన పిల్లలు చాలామందికి ఖాతాలు సొంత ఊళ్లోనే ఉంటాయి. వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కానీ ఈ సెలవుల లెక్కను హక్కు తేల్చుకోవడానికి వాడండి తప్ప, ఫిర్యాదును వాయిదా వేసుకోవడానికి కాదు. మోసాల గురించి చెప్పుకోవడానికి బ్యాంకులు రోజంతా, సెలవు రోజుల్లో కూడా ఫోన్, ఎస్ఎంఎస్, ఈమెయిల్, వెబ్‌సైట్ వంటి మార్గాలు తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. బ్రాంచి మూసి ఉందని ఆగాల్సిన పనే లేదు.

శనివారం ఉదయం ఆమె ఏం చేయాలి?

మొదట కార్డు బ్లాక్ చేయాలి. మొబైల్ బ్యాంకింగ్ వాడేవారైతే యాప్‌లోనే ఆ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి. చాలా బ్యాంకుల హెచ్చరిక మెసేజ్ చివర్లో కూడా, ఈ లావాదేవీ మీది కాకపోతే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అనో, BLOCK అని రాసి కార్డు చివరి నాలుగు అంకెలతో ఎస్ఎంఎస్ పంపండి అనో ఉంటుంది. నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. బ్యాంకుల కస్టమర్ కేర్ పేరుతో దొంగలు తమ నంబర్లను అక్కడ పెట్టి ఉంచుతారు. పోయిన డబ్బు కోసం ఫోన్ చేసి, మిగిలింది కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు. మెసేజ్ నిజంగా బ్యాంకుదేనా అని అనుమానం ఉంటే అందులోని నంబరునూ నమ్మొద్దు. కార్డు వెనక ఉన్నదే సరైనది.

బ్లాక్ చేయడం వేరు, ఫిర్యాదు చేయడం వేరు. ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. ఫోన్‌లో రికార్డు గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కి కార్డు బ్లాక్ చేయిస్తే, బ్యాంకు సిస్టమ్‌లో కార్డు ఆగిపోయిందని మాత్రమే నమోదు కావచ్చు. డబ్బు పోయిందనే ఫిర్యాదు దానంతటది పుట్టదు. అందుకే బ్లాక్ అయ్యాక లైన్‌లోనే ఉండి మనిషితో మాట్లాడాలి. ఫలానా తేదీన, ఫలానా సమయానికి జరిగిన ఈ మూడు లావాదేవీలు నేను చేయలేదు, వీటిని అనధికార లావాదేవీలుగా ఫిర్యాదు నమోదు చేయండి అని చెప్పాలి. మూడింటినీ విడివిడిగా చదివి వినిపించాలి. ఒక్కోసారి మొదటిదాన్నే నమోదు చేసి మిగతావి వదిలేస్తారు. చివర్లో ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. ఫిర్యాదు అందిన వెంటనే నంబరుతో సహా జవాబు పంపడం బ్యాంకు బాధ్యత. ఆ నంబరు ఎస్ఎంఎస్‌గానో ఈమెయిల్‌గానో రాకపోతే మీ ఫిర్యాదు నమోదు కాలేదనే అనుకుని మళ్లీ ఫోన్ చేయండి.

ఆ తర్వాత అదే విషయం రాసి పంపాలి. ఫోన్ సంభాషణ బ్యాంకు దగ్గరుంటుంది, మన దగ్గర ఉండదు. రేపు వివాదం వస్తే మన చేతిలో ఉండేది మనం రాసిందే. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు, హోమ్ బ్రాంచి ఈమెయిల్‌కు కలిపి పంపితే మేలు. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"నా సేవింగ్స్ ఖాతాకు చెందిన డెబిట్ కార్డు, చివరి నాలుగు అంకెలు ఇవి. శుక్రవారం రాత్రి 11.20కి ఈ కార్డు మీద రూ.18,400, రూ.18,400, రూ.6,200 చొప్పున మూడు లావాదేవీలు జరిగినట్టు నాకు ఎస్ఎంఎస్‌లు వచ్చాయి. వీటిని నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. కార్డు నా దగ్గరే ఉంది. పిన్, ఓటీపీ, కార్డు వివరాలు ఎవరికీ చెప్పలేదు. ఈ లావాదేవీలకు నాకు ఓటీపీ రాలేదు. శనివారం ఉదయం మీ కాల్ సెంటరుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు నంబరు ఇది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 ఆదేశం ప్రకారం పది పని దినాల్లో ఈ మొత్తాన్ని నా ఖాతాలో జమ చేయాలని కోరుతున్నాను."

ఇందులో ప్రతి వాక్యం నిజమై ఉండాలి. కార్డు దగ్గర లేకపోతే లేదనే రాయాలి. ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పి ఉంటే దాన్ని దాచొద్దు. ఫోన్ రికార్డుల్లో, బ్యాంకు లాగ్‌లలో అది బయటపడుతుంది. ఒక్క అబద్ధం పట్టుబడితే మిగతా నిజాల్ని కూడా నమ్మరు. తేదీలు, సమయాలు, మొత్తాలు మెసేజ్‌లో ఉన్నట్టే రాసి, ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జత చేయాలి. ఈమెయిల్ అలవాటు లేని పెద్దవాళ్లు ఇదే ఉత్తరం రెండు కాపీలు రాసి, బ్రాంచి తెరిచిన రోజు ఇచ్చి, ఒక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. బ్యాంకు తన సొంత డిస్ప్యూట్ ఫారం నింపమంటే నింపండి. కానీ ఫారం ఇచ్చిన తేదీని ఫిర్యాదు తేదీగా లెక్కేస్తామంటే ఒప్పుకోవద్దు. మీరు మొదటిసారి ఫోన్‌లో చెప్పిన తేదీయే అసలు తేదీ. మీరు రాసుకున్న ఫిర్యాదు నంబరు ఇక్కడే పనికొస్తుంది.

అదే ఉదయం 1930కి కూడా ఫోన్ చేయాలి. ఇది కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. cybercrime.gov.in లోనూ ఇదే ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2021లో మొదలైన ఈ ఏర్పాటు చేసే పని బ్యాంకు చేసే పనికి భిన్నం. పోయిన డబ్బు ఏ ఖాతాకు చేరిందో ఆ ఖాతాను వెంటనే స్తంభింపజేయించి, దొంగ నగదు తీసుకునేలోపు ఆపడానికి ప్రయత్నిస్తుంది. దేశంలోని ఖాతాలకు వెళ్లిన డబ్బు విషయంలో మొదటి గంట, రెండు గంటలు చాలా విలువైనవి. ఆ తర్వాత అది ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు వెళ్లిపోతుంది. విదేశీ వెబ్‌సైటులో కార్డు వాడిన కేసుల్లో 1930 వల్ల డబ్బు దొరికే అవకాశం తక్కువే. అయినా అక్కడ ఇచ్చే రసీదు నంబరు మీ ఫిర్యాదుకు బలం. కానీ 1930కి చెప్పాం గదా అని బ్యాంకుకు చెప్పడం మానొద్దు. మూడు రోజుల నియమంలో ఉన్నది బ్యాంకుకు తెలియజేయడం గురించే. అలాగే ఎఫ్‌ఐఆర్ కాపీ తెస్తేనే ఫిర్యాదు తీసుకుంటామని బ్రాంచిలో ఎవరైనా అంటే, ఫిర్యాదును ఈరోజే నమోదు చేయండి, పోలీసు కాగితాలు తర్వాత ఇస్తాను అని చెప్పండి. నోటితో ఒప్పుకోకపోతే ఈమెయిల్ పంపేయండి. తేదీ దానంతటదే నమోదవుతుంది.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

ఫిర్యాదు చేసిన తర్వాత పది పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతాలో జమ చేయాలి. దీన్ని బ్యాంకు భాషలో షాడో క్రెడిట్ అంటారు. బీమా కంపెనీ డబ్బు ఇచ్చేదాకా ఆగుతామనడం కుదరదు. మన ఉదాహరణలో శనివారం ఫిర్యాదు చేశారు కాబట్టి, సోమవారం నుంచి లెక్కపెడితే, మధ్యలో వేరే సెలవులేమీ లేకుంటే, వచ్చే వారం గురువారానికి పది పని దినాలు పూర్తవుతాయి. జమ చేసే తేదీ ఏదైనా, డబ్బు పోయిన శుక్రవారం నాటి నుంచే ఖాతాలో ఉన్నట్టు లెక్క కట్టాలి. అంటే వడ్డీ కూడా నష్టపోకూడదు.

ఇక్కడొక మాట ముందే తెలుసుకోవాలి. ఇది తాత్కాలిక జమ. విచారణ పూర్తయ్యేదాకా ఆ డబ్బును వాడుకోనివ్వకుండా కొన్ని బ్యాంకులు హోల్డ్ పెడతాయి. ఖాతాలో కనిపిస్తోంది గదా అని దాన్ని నమ్ముకుని ఎవరికీ చెక్కు ఇవ్వొద్దు. విచారణకు బ్యాంకుకు గరిష్ఠంగా 90 రోజులు గడువు ఉంది. ఇవి పని దినాలు కావు, మామూలు రోజులే. 90 రోజుల్లో తప్పు ఎవరిదో తేల్చలేకపోతే నియమం ప్రకారం ఖాతాదారుకు రావాల్సిన మొత్తం ఇచ్చేయాలి. ఆలస్యం బ్యాంకుదైతే భారం మీది కాదు.

క్రెడిట్ కార్డు అయితే భయం ఇంకో రకంగా ఉంటుంది. బిల్లు వచ్చేస్తుంది, కట్టకపోతే వడ్డీ, లేటు ఫీజు, సిబిల్ స్కోరు అని కంగారు పడతారు. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద వివాదం తేలేదాకా ఎలాంటి చార్జీలు వేయకూడదని రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనల్లో ఉంది. మీరు నిజంగా వాడిన మొత్తాన్ని గడువులోపు కట్టేయండి. వివాదంలో ఉన్న మొత్తాన్ని పక్కన పెట్టమని రాసి పంపండి. బిల్లులో చార్జీలు పడితే అదే ఫిర్యాదు నంబరుతో తీసేయమని అడగండి.

ఈ నిరీక్షణ కాలంలో ఒక ఫోన్ రావచ్చు. మీ ఫిర్యాదు మాకు అందింది, రిఫండ్ పంపుతున్నాం, ఈ లింక్ నొక్కండి, ఈ కోడ్ చెప్పండి అంటారు. పెట్టేయండి. రిఫండ్ పొందడానికి ఓటీపీ గానీ, పిన్ గానీ, ఏ యాప్ గానీ అవసరం లేదు.

బ్యాంకులు ఎక్కువగా చెప్పే అభ్యంతరం ఒకటుంది. లావాదేవీ ఓటీపీతో జరిగింది, కాబట్టి మీరే ఓటీపీ ఇచ్చి ఉంటారు, మా బాధ్యత లేదు అని ఒక్క వాక్యంలో ఫిర్యాదు మూసేస్తారు. దీన్ని అక్కడితో వదిలేయకూడదు. 2017 ఆదేశంలో తప్పు ఖాతాదారుదని నిరూపించే బాధ్యతను స్పష్టంగా బ్యాంకు మీద పెట్టారు. ఓటీపీ వాడారన్నంత మాత్రాన ఖాతాదారే చెప్పారని తేలిపోదు. ఈ మధ్య మన రాష్ట్రాల్లో వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, ప్రభుత్వ పథకమనో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. వాటిని నొక్కి ఫోన్‌లో వేసుకుంటే వచ్చే ఎస్ఎంఎస్‌లన్నీ దొంగకు చేరిపోతాయి. మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీ ఆ సిమ్‌కు వెళుతుంది. ఇలాంటప్పుడు ఖాతాదారుకు ఓటీపీ కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి రాతపూర్వకంగా అడగండి. ఓటీపీ ఏ నంబరుకు, ఏ సమయానికి పంపారు? లావాదేవీ ఏ ఐపీ అడ్రసు నుంచి జరిగింది? నేను ఎవరికో చెప్పానని మీ దగ్గరున్న ఆధారం ఏమిటి? ఏటీఎం కేసైతే ఆ ఏటీఎం సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని మొదటి ఉత్తరంలోనే కోరండి. ఆలస్యమైతే అవి చెరిగిపోతాయి. అసలు కార్డును బ్రాంచికి తీసుకెళ్లి చూపించి, కార్డు ఖాతాదారు దగ్గరే ఉందని కాగితం మీద రాయించుకోండి.

ఈ వాదన న్యాయస్థానాల్లో కూడా నిలిచింది. అస్సాంలో ఒక ఖాతాదారు ఆన్‌లైన్‌లో కొన్న దుస్తుల్ని వెనక్కి పంపే ప్రయత్నంలో ఉండగా, కస్టమర్ కేర్ అని చెప్పుకున్న వ్యక్తి ఆయన చేత ఫోన్‌లో ఒక యాప్ వేయించాడు. ఆయన స్టేట్ బ్యాంకు ఖాతా నుంచి రూ.94,204 పోయాయి. అది కార్డు కేసు కాకపోయినా వర్తించే ఆదేశం ఇదే. ఆయన 24 గంటల్లోపే ఫిర్యాదు చేశారు. ఓటీపీ చెప్పారు కాబట్టి తప్పు ఆయనదే అని బ్యాంకు వాదించింది. ఆయన నిర్లక్ష్యాన్ని బ్యాంకు నిరూపించలేదని గౌహతి హైకోర్టు డబ్బు తిరిగి ఇవ్వమంది. బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళితే, 2025 జనవరిలో ఆ అప్పీలును కొట్టేశారు. అదే సమయంలో ఖాతాదారులు ఓటీపీ ఎవరికీ చెప్పకుండా జాగ్రత్తగా ఉండాలని కూడా కోర్టు చెప్పింది. ఈ తీర్పు చూసి ఓటీపీ చెప్పినా డబ్బు వస్తుందని అనుకోవద్దు. 24 గంటల్లో ఫిర్యాదు చేయడం వల్లే ఆయన వాదనకు అంత బలం వచ్చింది.

ఒకవేళ మీరు నిజంగానే మోసపోయి ఓటీపీ చెప్పేసి ఉంటే? అప్పుడూ ఫోన్ చేయాలి, ఇంకా వేగంగా చేయాలి. ఉదాహరణకు పది నిమిషాల్లో రెండు సార్లు రూ.10,000 పోయాక మీకు తెలివొచ్చి బ్యాంకుకు చెప్పారనుకోండి. అయినా కార్డు ఆపడంలో వాళ్లు ఆలస్యం చేయడం వల్ల మరో రూ.10,000 పోయిందంటే, ఆ మూడోది బ్యాంకుది. మొదటి రెండూ మీవే. సిగ్గుపడి, ఇంట్లో తిడతారని భయపడి చెప్పకుండా దాచుకునేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు, ఈ మూడోదాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. వాళ్లు చెప్పుకోగలిగేలా ఇంట్లో మాట్లాడటం మన బాధ్యత.

ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే అది ఈ నియమాల కిందికి రాదు. అది విఫల లావాదేవీ. దానికి 2019 సెప్టెంబరు నాటి వేరే ఆదేశం ఉంది. అయిదు రోజుల్లో తిరిగి జమ చేయకపోతే తర్వాతి ప్రతి రోజుకూ రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. అలాగే కొన్న వస్తువు రాలేదనో, బాగోలేదనో వచ్చే తగాదా కూడా మోసపు ఫిర్యాదు కాదు. దాన్ని వేరేగా డిస్ప్యూట్ చేయాలి. ఫిర్యాదు చేసేటప్పుడు రకాన్ని సరిగ్గా చెబితే సరైన విభాగానికి వెళుతుంది.

బ్యాంకు తిరస్కరిస్తే ముందు కారణాన్ని రాతలో తీసుకోండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, సందేహాలకు 14448కి ఫోన్ చేయొచ్చు. ఇంటర్నెట్ రానివాళ్లు చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత స్వీకరణ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. బ్యాంకుకు ముందుగా ఫిర్యాదు చేయకుండా నేరుగా ఇక్కడికి వస్తే మాత్రం తీసుకోరు. కోర్టులో అదే విషయం మీద కేసు నడుస్తున్నా తీసుకోరు. జత చేయాల్సినవి మీరు ఇంతకు ముందే సిద్ధం చేసుకున్నవే: ఎస్ఎంఎస్‌ల స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదు నంబరు, ఈమెయిల్, ముద్ర వేసిన కాపీ, 1930 రసీదు, బ్యాంకు జవాబు. తేదీల వరసలో ఒక పేజీలో ఏం జరిగిందో రాస్తే, చదివే అధికారికి పని దినాల లెక్క వెంటనే కనిపిస్తుంది.

ఇవన్నీ నిలవాలంటే ముందు మెసేజ్ మీకు అందాలి. పాత సిమ్ నంబరే బ్యాంకులో ఉండిపోయినవాళ్లు, నాన్న ఖాతాకు కొడుకు నంబరు ఇచ్చి ఆ కొడుకు విదేశాలకు వెళ్లిపోయినవాళ్లు ఎందరో. అలాంటివాళ్లకు డబ్బు పోయిన సంగతి నెలాఖరులో పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకునేటప్పుడు తెలుస్తుంది. ఈ వారంలోనే బ్రాంచికి వెళ్లి మీ ఇంట్లో ప్రతి ఖాతాకు సరైన నంబరు, ఈమెయిల్ ఉన్నాయో లేదో చూసుకోండి. కార్డులో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం అక్కర్లేకపోతే యాప్‌లో ఆఫ్ చేయండి. 2020 అక్టోబరు నుంచి వీటిని మనకు కావలసినట్టు ఆన్, ఆఫ్ చేసుకునే వీలు ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే. నిబంధనలు ఎప్పటికప్పుడు సవరణకు వస్తుంటాయి కాబట్టి బ్యాంకు వెబ్‌సైట్‌లో ఖాతాదారుల రక్షణ విధానాన్ని ఒకసారి చదవండి. ఏడు రోజులు దాటిన ఫిర్యాదులకు వాళ్లు ఏమిస్తారో అందులోనే ఉంటుంది. కార్డు వెనకున్న హెల్ప్‌లైన్ నంబరును మీ ఫోన్‌లోనూ, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ ఈరోజే సేవ్ చేయండి.